సెల్ఫ్ డ్రైవ్ కారు, స్కూటీ అద్దె నిబంధనలు (రావులపాలెం)

అంతర్వేది, దిండి, ఒడలరేవు, అయినవిల్లి, వాడపల్లి చూడ్డానికి వచ్చి మా దగ్గర బండి తీసుకునేవారికి ఈ కాగితం. ఇది చదివి సంతకం పెట్టాకే తాళం ఇస్తాం. తొందరగా ఉంటే కనీసం డిపాజిట్, దెబ్బలు, చలాన్ల భాగాలైనా చదవండి. గొడవలన్నీ అక్కడే వస్తాయి.

ఎవరికి ఇస్తాం

స్కూటీకి 18 ఏళ్లు, కారుకు 21 ఏళ్లు నిండాలి. కారుకు లైసెన్సు వచ్చి కనీసం ఏడాది అయి ఉండాలి. ఒరిజినల్ కార్డు గానీ, ఫోన్‌లో డిజీలాకర్‌లో గానీ చూపించండి. వాట్సాప్‌లో ఉన్న ఫొటో చెల్లదు. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవారికి బండి ఇవ్వం. ఆధార్ జిరాక్స్ చాలు, అంకెల్లో చివరి నాలుగు తప్ప మిగతావి కొట్టేసి ఇచ్చినా తీసుకుంటాం. ఒరిజినల్ ఆధార్ మేం ఉంచుకోం, ఎవరడిగినా మీరు ఇవ్వకండి.

రసీదులో పేరున్న మనిషే నడపాలి. ఇద్దరు మార్చి మార్చి నడుపుతామంటే రెండో వారి లైసెన్సు కూడా ముందే రాయించండి, దానికి డబ్బులేమీ లేవు. పిల్లల చేతికి తాళం ఇవ్వొద్దు. మైనరు నడిపి దొరికితే చట్టం ప్రకారం బండి యజమానికి రూ.25,000 జరిమానా, మూడేళ్ల వరకు జైలు. యజమాని అంటే మేమే కాబట్టి ఇందులో మొహమాటం ఉండదు. తెలిసిన వెంటనే బండి వెనక్కి తీసుకుంటాం, అద్దె తిరిగి రాదు.

అద్దె, డిపాజిట్

స్కూటీ 24 గంటలకు రూ.500, డిపాజిట్ రూ.2,000. చిన్న కారు రూ.2,200, డిపాజిట్ రూ.8,000. ఏడు సీట్ల బండి రూ.3,200, డిపాజిట్ రూ.10,000. కార్లకు రోజుకు 250 కిలోమీటర్లు, దాటితే కిలోమీటరుకు రూ.9. సంక్రాంతి నాలుగు రోజులూ, అంతర్వేది కల్యాణం రోజుల్లోనూ రేటు వేరు. ఆ రేటు బుకింగ్‌లోనే చెబుతాం, ఇక్కడికొచ్చాక పెంచం.

పెట్రోలు ఎంత ఉండగా ఇచ్చామో అంతే ఉంచి ఇవ్వాలి. టోల్ మా ఫాస్టాగ్‌లోంచి పోతుంది, ఈతకోట గేటు దాటిన లెక్క బండి తెచ్చినప్పుడు చూసుకుందాం. స్కూటీకి టోల్ లేదు.

డిపాజిట్ ఫోన్ పే ద్వారా గానీ నగదుగా గానీ తీసుకుంటాం, రసీదు ఇస్తాం. బండి తెచ్చిన రోజునే ఇస్తాం గానీ మొత్తం కాదు. స్కూటీకి రూ.500, కారుకు రూ.1,000 పది రోజులు ఆపుతాం. ఎందుకంటే కెమెరా కొట్టిన ఈ-చలానా మీరు ఊరెళ్లాక గానీ మా ఫోన్‌కు రాదు. పదకొండో రోజున, చలానా లేకపోతే, ఆ డబ్బు మీరు పంపిన నంబరుకే వేస్తాం.

దెబ్బలు, గీతలు

తాళం ఇచ్చే ముందు బండి చుట్టూ వీడియో తీస్తాం. మీరూ తీయండి. పాత గీతలు రసీదు వెనక బొమ్మ మీద గుర్తు పెట్టి ఉంటాయి. మేం మర్చిపోయింది కనిపిస్తే అప్పుడే చెప్పండి, రాస్తాం. అగ్గిపుల్లంత గీతకు డబ్బులు అడగం. అంతకు మించితే: స్కూటీ అద్దం రూ.250, హెల్మెట్ పోతే రూ.900, కారులో ఒక డోరు గానీ బంపరు గానీ పెయింటు రూ.3,500. పంక్చరు ఖర్చు మీది. టైరు అరిగిపోయి పేలితే మాది.

పెద్ద దెబ్బకు ఇన్సూరెన్సు ఉంది గానీ, అది అంతా ఇవ్వదు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే వస్తుంది. కారు ప్రమాదంలో మీరు కట్టాల్సింది డిపాజిట్ మొత్తానికి మించదు. బండి షెడ్డులో ఉన్న రోజులకు సగం అద్దె, అదీ ఐదు రోజులకే. అయితే తాగి నడిపినా, రసీదులో పేరు లేని మనిషి నడిపినా ఈ పరిమితి వర్తించదు, బిల్లు పూర్తిగా మీదే.

ఎవరికైనా గాయమైతే ముందు 108కి ఫోన్ చేయండి, తర్వాత 112కి, ఆ తర్వాత మాకు. బండి సంగతి చివర చూసుకుందాం. అక్కడి నుంచి వెళ్లిపోయినవారి తరఫున మేం నిలబడం.

ఈ ఊళ్లకు తగ్గ నిబంధనలు

ఇసుకలో, ఉప్పునీటిలో బండి దించొద్దు. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఫొటోకోసం కారు ఇసుకలోకి తీసుకెళ్లి దిగబడితే ట్రాక్టరు పెట్టి లాగించాలి, ఆ ఖర్చు మీదే. చక్రాలకు ఉప్పునీరు తగిలితే కింద భాగం కడగడానికి రూ.600.

సఖినేటిపల్లి–నరసాపురం మధ్య గోదావరి దాటించే పంటు మీద స్కూటీ ఎక్కించవచ్చు, దిగి పట్టుకుని నిలబడాలి. మా కార్లు ఎక్కించొద్దు. దిండి నుంచి చించినాడ వంతెన మీదుగా వెళ్లండి, చుట్టయినా ఇబ్బంది లేదు.

కొబ్బరి చెట్టు కింద ఆపకండి. నవ్వొచ్చే మాటే గానీ, కాయ పడితే పైకప్పు లోపలికి పోతుంది, ముందు అద్దం పగిలినా మీ ఖాతాలోనే. కాలవ గట్ల మీద రాత్రిపూట 40 దాటొద్దు. కోతల రోజుల్లో రోడ్డు సగం ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పెడతారు. చీకట్లో ఆ రాళ్లు కనిపించవు. ధాన్యం మీద నుంచి పోనిస్తే రైతు ఊరుకోడు, ఆయన తరఫునే మాట్లాడతాం.

వరద సీజన్‌లో ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక వేస్తారు. అప్పటి నుంచి లంకల దారులు, కనకాయలంక లాంటి కాజ్‌వేలు మీకు బంద్. 13.75 అడుగులకు రెండోది వస్తే బండి వెనక్కి తెచ్చేయండి, వాడని రోజుల అద్దె మొత్తం ఇచ్చేస్తాం. కాజ్‌వే మీద నీరు మోకాలి లోతే కదా అని దిగి, ఇంజన్‌లోకి నీరుపోయాక మళ్లీ స్టార్ట్ చేస్తే ఇన్సూరెన్సు ఇవ్వదు. నీళ్లలో ఆగిపోతే తాళం తిప్పకుండా మాకు ఫోన్ చేయండి.

చలాన్లు, పోలీసు కేసులు

మా బండ్లకు నల్ల ప్లేటు, పసుపు అక్షరాలు. అద్దె బండని దూరం నుంచే తెలుస్తుంది, ఆపితే ఆపనివ్వండి. కాగితాలు డిక్కీలో, కారైతే డాష్‌బోర్డులో ఉంటాయి. స్కూటీతో రెండు హెల్మెట్లు ఇస్తాం, వెనక కూర్చున్నవారూ పెట్టుకోవాలి. హెల్మెట్ లేకపోతే రూ.1,000, పైగా మూడు నెలలు లైసెన్సు ఆగొచ్చు, ఆ లైసెన్సు మీదే. ముగ్గురు ఎక్కినా, కారులో బెల్టు లేకపోయినా రూ.1,000. తాగి నడిపితే మొదటిసారికే రూ.10,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ. ఇవన్నీ నడిపినవారే కట్టాలి. చలానా కాపీలో తేదీ, సమయం చూపించే తీసుకుంటాం, దాని మీద మా చార్జీ ఏమీ ఉండదు.

యానాం వెళ్లొచ్చు, ఎదుర్లంక వంతెన దాటితే చాలు. కానీ అది పుదుచ్చేరి పరిధి. అక్కడ మందు చౌకని డిక్కీలో పెట్టుకుని ఇవతలికి వస్తే ఎక్సైజ్ కేసు, బండి సీజ్. సంక్రాంతికి కోడిపందేల బరుల దగ్గర బండి ఆపి దాడిలో ఇరుక్కున్నా అంతే. బండి బయటికొచ్చేదాకా రోజువారీ అద్దె మీ మీదే నడుస్తుంది, దానికి ఐదు రోజుల పరిమితి లేదు.

తిరిగి ఇచ్చేటప్పుడు

ఉదయం 6 నుంచి రాత్రి 9 లోపు తేవాలి. గంట వరకు ఆలస్యమైతే ఏమీ అనం. ఆ తర్వాత గంటకు స్కూటీకి రూ.50, కారుకు రూ.200. ఐదు గంటలు దాటితే మరో రోజు అద్దె. పెంచుకోవాలంటే గడువుకు రెండు గంటల ముందు ఫోన్ చేయండి. ఆ బండి వేరేవారికి బుక్ అయి ఉంటే మాత్రం కుదరదు. ఫోన్ ఎత్తకుండా మర్నాటికి కూడా రాకపోతే పోలీసులకు ఫిర్యాదు చేస్తాం.