మా ఇంటి దీపావళి పాటలు

పిల్లలూ, అల్లుళ్ళూ, కోడళ్ళూ, ఈ దీపావళికి మీరంతా తెనాలి వస్తున్నారని తెలిసిన రోజే ఈ పాటలు కట్టడం మొదలుపెట్టాను. ఇవి కూర్చుని వినే పాటలు కావు. తలంటేటప్పుడు, పిండివంటలు చేసేటప్పుడు, ప్రమిదలు సర్దేటప్పుడు చేతులు ఆడుతుంటే నోళ్ళు పాడాలి. గొంతు బాగుండాలన్న నియమమేమీ లేదు. స్పీకరులో సినిమా పాటలు పెడితే మాత్రం నేను ఒప్పుకోను. ఆ రెండు రోజులూ ఈ ఇంట్లో వినపడవలసినవి మన గొంతులే.

తలంటు పాట

ఆశ్వయుజ బహుళ చతుర్దశి తెల్లవారుజామున పాడేది. అంతా ఒక్కసారే లేవరు కాబట్టి మొదటి రెండు పాదాలను గది గదికీ వెళ్ళి గట్టిగా పాడండి. చేతులతో తాళం వేయండి, నడక దానంతటదే వస్తుంది.

లేవండర్రా లేవండి
చుక్కలు ఉండగ లేవండి
నువ్వుల నూనెను వెచ్చగ కాచి
మాడున చరచే వేళండి

అక్కలు హారతి పళ్ళెం పట్టగ
అన్నలు తమ్ములు పీటల ఎక్కగ
దిష్టిని తీసిన ఎర్రని నీళ్ళు
వీధి గుమ్మమున విడిచే వేళ
॥లేవండర్రా॥

సున్నిపిండితో నలుగే పెట్టి
కుంకుడు నురుగుల కురులే కడిగి
కొత్త బట్టలకు పసుపే పెట్టి
కట్టుకు వస్తే కళకళ ఇల్లు
॥లేవండర్రా॥

ప్రాగ్జ్యోతిషపురి చీకటి పారగ
సత్యభామ విల్లెత్తిన నాడు
నరకుని చెరలో నలిగిన వారికి
తెల్లవారిన తొలి పండుగ నేడు
॥లేవండర్రా॥

చివరి చరణం ఆడపిల్లలే పాడాలి. నరకాసురుడి కథలో విల్లు పట్టింది సత్యభామ. ఆ మాట మన మనవరాళ్ళ నోట గట్టిగా వినపడాలని నా కోరిక.

వంటింటి పాట

పిల్లలు అడుగుతారు, నేను జవాబు చెబుతాను. కొడుకు పిల్లలు ‘అమ్మమ్మా’ అన్నచోట ‘నాన్నమ్మా’ అనండి, తాళం తప్పదు, నేను చూసుకున్నాను.

అమ్మమ్మా అమ్మమ్మా, మూకుట్లో ఏముంది?
గవ్వలన్ని గలగలమని నూనెలోన నవ్వినాయి

అమ్మమ్మా అమ్మమ్మా, పళ్ళెంలో ఏముంది?
మినపపిండి బెల్లంతో నెయ్యి పోసి సున్నుండలు
వేడి తగ్గకుండ చుట్టు, ఉండ చెదిరిపోకముందె

అమ్మమ్మా అమ్మమ్మా, డబ్బాలో ఏముంది?
కజ్జికాయ కడుపులోన కొబ్బరుంది బెల్లముంది
అంచు నొక్కి అల్లకుంటె నూనెలోన నోరు తెరుచు

అమ్మమ్మా అమ్మమ్మా, ఒక్కొక్కటి పెట్టమ్మా!
లక్ష్మి ముందు పెట్టగానె పళ్ళెమంత పిల్లలదే
జంతికలను కూడ కలిపి పక్కింటికి పంపుదాము

కజ్జికాయల అంచు అల్లడం పెద్ద మనవరాలికి నేర్పుతాను. బొటనవేలితో కొంచెం మడిచి నొక్కి, ఆ మడత మీదే మళ్ళీ మడవాలి. కంగారు పడితే పూర్ణం నూనెలో చేరి మూకుడంతా నల్లబడుతుంది. పాట పాడుతూ అల్లితే చేయి నిదానిస్తుంది.

దీపాల పాట

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాట ఇదే. అమావాస్య సాయంత్రం ప్రమిదలు పెట్టుకుంటూ పోతుంటే ఒకరు ఒక పాదం, మిగిలినవారు తరువాతి పాదం అందుకోవాలి. ‘తకతకిట’ నడక, కోలాటం ఆడినా కుదురుతుంది.

వరుసలో వెలగాలి దీపాలు
మన ఇంటి చుట్టూర దీపాలు
అమవాస రాతిరికి దీపాలు
అందరం పెట్టాలి దీపాలు

పొద్దుననె నానాలి ప్రమిదలూ
నీరు తాగిన మట్టి చల్లనా
చమురింక ఇంకదూ మట్టిలో
రేయంత వెలిగేను వత్తులూ
॥వరుసలో॥

గడపకొక జోడంట దీపాలు
తులసమ్మ ముంగిటా దీపమూ
మెట్టుమెట్టుకు ఒకటి పెట్టరే
బావిగట్టున కూడ పెట్టరే
॥వరుసలో॥

అత్తయ్య వేసింది ముగ్గులూ
మామయ్య కట్టేను తోరణం
బావేమొ నూనెలే పోయగా
చిన్నారి చేతిలో వత్తులూ
॥వరుసలో॥

ఊరికీ రాలేని అన్నకూ
ఫోనులో చూపించు దీపమూ
తన గదిన తానొకటి పెట్టగా
ఇక్కడే ఉన్నట్టు వెలుగునూ
॥వరుసలో॥

శ్రీలక్ష్మి రావమ్మ ఇంటికీ
తామరల తల్లికీ స్వాగతం
పసుపు గడపలు దాటి లోనికీ
పాలవలె నవ్వుతూ రావమ్మ
॥వరుసలో॥

‘అన్నకూ’ చరణం డల్లాస్‌లో ఉన్న మన పెద్దవాడి కోసం. మనకు సాయంత్రం అయ్యేసరికి వాడికి ఇంకా తెల్లవారదు, అయినా లేచి కూర్చుంటానన్నాడు. ఆ చరణం రెండుసార్లు పాడండి.

హారతి పాట

ఈసారి కరీంనగర్ నుంచి వదినగారు కూడా వస్తున్నారు. వారింట దీపావళికి కేదారేశ్వర నోము ఉంది, తోరం ఇక్కడే కట్టుకుందామన్నారు. అందుకే లక్ష్మీపూజ హారతిలోనే ఆ నోముకూ చోటు పెట్టాను. దీన్ని నిదానంగా పాడాలి.

హారతమ్మ హారతి, సిరుల తల్లి హారతి
పైరు పచ్చగుండనిమ్ము, పాడి నిండుగుండనిమ్ము
వచ్చినట్టి చుట్టములకు వడ్డించే చేతినిమ్ము
నోము పట్టు వదినగారి తోరమందు శివుడు నవ్వె
ఇరవైయొక పోగులల్లి ఇద్దరమూ కట్టినాము
హారతమ్మ హారతి, సిరుల తల్లి హారతి

వీధి గుమ్మం పాట

గోగు కర్రలు ముందే తెప్పించి ఉంచాను. దివిటీలు కొట్టనిదే ఎవరూ అగ్గిపుల్ల గీయకూడదు. తరువాత ఎంత అల్లరి చేసినా సరే.

గోగుల కర్రకు గుడ్డలు చుట్టి
నూనెన తడిపీ నిప్పంటించి
వీధి గుమ్మమున దివిటీ కొట్టి
కాళ్ళు కడుగుకొని లోనికి వచ్చి
తీపిని తింటే పండుగ మొదలు!

కాకరపువ్వులు చేతిలొ పూసె
చిచ్చుబుడ్డి అది చెట్టై లేచె
భూచక్రాలే గిరగిర తిరిగె
మతాబు తెల్లని వెన్నెల కురిసె
తారాజువ్వలు రివ్వున ఎగిరె
పాము బిళ్ళలో పామే పెరిగె

నూలు బట్టలే కట్టండి
బకెట్టు నీళ్ళూ ఉంచండి
చిట్టి చేతులను పెద్దలు పట్టి
చాచిన చేతుల ముట్టించండి

చివరి నాలుగు పాదాలు పాడకుండా ఏ డబ్బా మూతా తీయనివ్వను. పక్క వీధిలో పసిపిల్ల ఉంది కాబట్టి లక్ష్మీబాంబులు ఈ ఇంటికి రావు. వెలుగులు ఎన్నయినా కాల్చుకోండి.

అల్లుడి పాట

భోజనాల దగ్గర కొత్త అల్లుడిని ఆట పట్టించకపోతే దీపావళి అయినట్టే కాదు. మరదళ్ళు మొదలుపెట్టాలి, అల్లుడు జవాబివ్వాలి. అల్లుడుగారూ, మీ చరణం ముందే పంపుతున్నాను, నేర్చుకుని రండి బాబూ.

మరదళ్ళు:
కొత్తగ వచ్చిన అల్లుడుగారూ
కొంచెం చాలని అంటారేమి?
బూరెల మీదన నెయ్యే పోస్తే
బుగ్గలు ఎర్రగ ఐనాయేమి?
మతాబులన్నీ మీకే ఇస్తాం
మా పాటకు ఒక బదులే పాడితె!

అల్లుడు:
అత్తయ్య చేతి బూరెల ముందర
అల్లుడి పాటలు ఏమూలండీ
మరదలుగారూ అడిగారంటే
మళ్ళీ ఏటికి నేర్చుకు వస్తా

అందరూ:
ఇంకో బూరెను వెయ్యండమ్మా
ఇంకో పాటను ఎత్తండమ్మా!