విషయం: కరెంటు ఖాతాలో పొరపాటున కోసిన క్యాష్ డిపాజిట్ ఛార్జి రూ. 778.80 వాపసు గురించి

బ్రాంచి మేనేజర్ గారికి,

నమస్కారం. కాశీబుగ్గలో జీడిపప్పు దుకాణం నాది. మీ బ్రాంచిలో చివర 4417 ఉన్న కరెంటు ఖాతా మా దుకాణం పేరు మీదే ఉంది. 2025 జూలై 1న అందులోంచి రూ. 778.80 కోశారు, స్టేట్‌మెంట్లో CASH DEP CHG JUN25 అని పడింది. ఈ ఛార్జి మాకు పడాల్సింది కాదు.

మా ఖాతాకి నెలకి 5 లక్షల దాకా క్యాష్ డిపాజిట్ ఉచితం, దాటితే వెయ్యికి 4 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. జూన్‌లో నేను కట్టింది రెండే సార్లు: 9న రూ. 1,85,000, 17న రూ. 2,40,000. రెండూ కలిపి 4,25,000, అంటే లిమిట్ లోపలే.

మరి ఛార్జి ఎక్కడినుంచి వచ్చిందా అని స్టేట్‌మెంట్ ముందేసుకుని కూర్చుంటే దొరికింది. 17వ తేదీన ఆ 2,40,000 రెండుసార్లు జమ అయింది, రెండోది అదే రోజు సాయంత్రం వెనక్కి తీసేశారు. ఆ రోజు కౌంటర్లో సిస్టమ్ ఆగి ఆగి నడుస్తోంది, మీ స్టాఫ్ "ఒక్క నిమిషం, మళ్లీ కొడతాను" అనడం నాకు బాగా గుర్తు. ఎంట్రీ అయితే తీశారు కానీ ఛార్జి లెక్కలోంచి తీసినట్టు లేదు. ఆ లెక్కన మొత్తం 6,65,000 అవుతుంది, లిమిట్ మీద ఎక్కువైన 1,65,000కి వెయ్యికి 4 చొప్పున 660, జీఎస్టీ 118.80, కలిపితే సరిగ్గా మీరు కోసిన 778.80. కట్టని డబ్బుకి ఛార్జి కట్టానన్నమాట!

దయచేసి ఆ మొత్తం జీఎస్టీతో సహా ఖాతాలో తిరిగి జమ చేయండి. 660 ఒక్కటే వేసి జీఎస్టీ వదిలేయొద్దు. మా జీఎస్టీ నంబరు మీద క్రెడిట్ నోట్ కూడా ఇవ్వండి, అది లేకపోతే ఇన్‌పుట్ క్రెడిట్ దగ్గర లెక్క కుదరక మా అకౌంటెంట్ నన్నే అడుగుతాడు. ఉద్దానం నుంచి పిక్కల బస్తాలు దిగే రోజుల్లో ఈ పని కోసం బ్యాంకు చుట్టూ తిరగడం నాకు కుదరదు, అందుకే అన్నీ మెయిల్‌లోనే పెడుతున్నాను. జూన్ స్టేట్‌మెంట్, జూలై 1 ఎంట్రీ ఉన్న పేజీ, రెండు డిపాజిట్ స్లిప్పుల ఫోటోలు జతచేశాను.

డబ్బు పెద్దదేం కాదు, కానీ ఆ తీసేసిన ఎంట్రీ మీ సిస్టమ్‌లో ఇంకా డిపాజిట్‌గానే లెక్కకొస్తోందేమో ఒకసారి చూడండి, నాలాగే ఇంకెవరికి పడిందో. 30 రోజుల్లో తేలకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చని తెలుసు, మన మధ్య అంతదాకా రాదనే నా నమ్మకం.

ఏం చేశారో ఈ మెయిల్‌కే జవాబు రాయండి, ఫోన్‌లో చెబితే నా దగ్గర రుజువు ఉండదు.

ఇట్లు,
అప్పలరాజు
జీడిపప్పు దుకాణం, కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా
4 జూలై 2025