ఆఫర్‌కు జవాబివ్వడానికి నవంబరు 21 వరకు గడువు కోరుతూ

పర్లాకిమిడి,
12 నవంబరు 2025

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీ మేనేజరు గారికి,

నమస్కారం అండి.

సోమవారం మీరు పంపిన ఆఫర్ లెటరు అందింది. అకౌంట్స్ అసిస్టెంటుగా నెలకు 22,000 రూపాయల జీతం, డిసెంబరు 1న చేరాలి, ఈ శుక్రవారం 14వ తేదీలోగా సంతకం చేసి పంపాలి అని అందులో ఉంది. నన్ను తీసుకున్నందుకు చాలా సంతోషం. ఆ సంతకానికే ఇంకో వారం, అంటే 21 శుక్రవారం సాయంత్రం 5 గంటల వరకు, గడువు ఇమ్మని అడగడానికి ఈ మెయిల్ రాస్తున్నాను.

కారణం దాచిపెట్టను. మీ దగ్గరికి రాకముందే, ఆగస్టులో, విశాఖపట్నంలో ఒక కంపెనీకి అప్లికేషన్ పెట్టాను. వాళ్లు ఈ నెల 5న ఆఖరి ఇంటర్వ్యూ చేసి, 19వ తేదీకి ఏ సంగతీ చెబుతామన్నారు. ముందు తేలుస్తారేమోనని నిన్న ఫోన్ చేసి అడిగాను, కుదరదన్నారు. ఇవాళ మీకు సరేనని సంతకం పెట్టి, 20న మనసు మార్చుకున్నానని చెప్పడం నాకు ఇష్టం లేదు. మీరు మిగతా అభ్యర్థులకి లేదని చెప్పేశాక నేను జారుకుంటే మీకెంత ఇబ్బందో తెలుసు. మా ఆఫీసులో మార్చి నెలలో ఒకరు అలాగే చేస్తే, ఆ పని మేం ముగ్గురం రాత్రి తొమ్మిది దాకా కూర్చుని పంచుకున్నాం.

జీతం పెంచమని అడగడానికి వేసిన ఎత్తు కాదండి ఇది. మీరన్న జీతం గురించి నాకు పేచీ లేదు. నిజానికి మీ ఉద్యోగం వైపే మొగ్గు ఎక్కువగా ఉంది. నాన్న ఇక్కడ ఒక్కరే ఉంటారు. విశాఖ అయితే హాస్టల్లో ఉండాలి, పలాస అయితే టెక్కలిలో బస్సు మారి ఆదివారం ఆదివారం ఇంటికి రావచ్చు. పని కూడా నచ్చింది. ఇంటర్వ్యూ రోజు మీరు ఒడియాలో రాసిన చీటీ ఒకటి చేతికిచ్చి చదవమన్నారు కదా, జీడిపిక్కల బస్తాలకీ కిలోలకీ లెక్క పొసగడం లేదని నేను చూపించాను. గజపతి జిల్లా రైతుల చీటీలు చదివి, వాళ్ల దగ్గర నేరుగా కొన్న పిక్కలకి రివర్స్ ఛార్జి కింద పన్ను లెక్క కట్టే పని ఇంకెక్కడ దొరుకుతుందో నాకు తెలియదు. అయినా మూడు నెలలుగా ఎదురుచూస్తున్న జవాబు, తెలుసుకోకుండా వదిలేస్తే తరవాత మనసు పీకుతుంది.

గడువు ఇస్తే చేరే తేదీ కూడా జరుగుతుంది, అది ముందే చెప్పడం న్యాయం. ఇక్కడ ఆడిటరు గారి దగ్గర నాకు 15 రోజుల నోటీసు ఉంది. 14న ఒప్పుకుంటే అది 29తో అయిపోయి డిసెంబరు 1న చేరగలను. 21న ఒప్పుకుంటే డిసెంబరు 6 దాకా పోతుంది, 8 సోమవారం చేరగలను. నవంబరు జీఎస్టీఆర్-1 డిసెంబరు 11లోగా వేయాలి కనుక ఆ వారం ఆలస్యం మీకు బరువే. అందుకని, నేను ఒప్పుకున్న పక్షంలో 23, 30 ఆదివారాలు పలాస వచ్చి నవంబరు అమ్మకాల బిల్లులు టాలీలో సరిచూసి పెడతాను. ఆ రెండు రోజులకి వేరే డబ్బు అక్కర్లేదు.

విశాఖ వాళ్లు 19న చెప్పినా చెప్పకపోయినా, 21 తరవాత మళ్లీ గడువు అడగను. వాళ్లు ముందే తేల్చేస్తే మీకు ఆ రోజే ఫోన్ చేస్తాను.

ఈ వారం ఆగడం మీకు కుదరదంటే దయచేసి రేపు సాయంత్రంలోగా ఒక్క మాట చెప్పండి. తప్పుగా అనుకోను. అప్పుడు 14నే అవుననో కాదనో రాసి పంపిస్తాను, మిమ్మల్ని మధ్యలో ఉంచను.

ఇట్లు,
లావణ్య

తా.క.: పగలు ఆఫీసులో ఫోన్ తీయడం కష్టం. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రెండు వరకు, సాయంత్రం ఆరు దాటాక మాట్లాడగలను. వాట్సాప్‌లో "సరే" అని పెట్టినా చాలు, కాకపోతే కొత్త తేదీ ఒక మెయిల్లో కూడా రాస్తే నా దగ్గర కాగితం ఉంటుంది.