మా అమ్మాయి హారిక పేరున వచ్చిన నోటీసుకు జవాబు

రాజమహేంద్రవరం,
12 ఫిబ్రవరి 2025

ఆదాయపు పన్ను అధికారి గారికి,

విషయం: 2024-25 మదింపు సంవత్సరానికి చి. హారిక రిటర్న్ ఎందుకు వేయలేదన్న ప్రశ్నకు తల్లి ఇస్తున్న జవాబు

అయ్యా,

హారిక మా అమ్మాయి. వయసు పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి చదువుతోంది. తన పాన్ మీద 10,00,000 రూపాయల ఎఫ్‌డీ, దానిపై 69,600 వడ్డీ, 2,10,000కు మ్యూచువల్ ఫండ్ యూనిట్ల అమ్మకం కనిపిస్తున్నాయని, అయినా రిటర్న్ లేదని మీ నోటీసులో ఉంది. ఆ లెక్కలన్నీ నిజమే, దాచిందేమీ లేదు. కాకపోతే ఈ ఆదాయానికి పన్ను కట్టాల్సింది పిల్ల కాదు, నేను. సెక్షన్ 64(1ఎ) ప్రకారం దాన్ని నా రిటర్న్‌లో కలిపి 24 జూలై 2024న, అంటే గడువు లోపలే, ఐటీఆర్-2 దాఖలు చేశాను. హారిక తరఫున జవాబివ్వడానికి పోర్టల్‌లో ప్రతినిధిగా నమోదై ఈ ఉత్తరం అప్‌లోడ్ చేస్తున్నాను.

ఎఫ్‌డీ డబ్బు మా నాన్నగారిది. కోనసీమలో ఉన్న అర ఎకరం కొబ్బరితోట అమ్మి, మనవరాలి చదువుకని 2023 ఏప్రిల్‌లో చెక్కు ద్వారా ఆమె పేరున వేశారు. తాతగారు ఇచ్చింది కాబట్టి ఆ మొత్తంపై పన్ను లేదు. డబ్బు తాతగారిచ్చినా దాని మీద వచ్చే వడ్డీ మాత్రం తల్లిదండ్రుల ఆదాయంలోనే కలుస్తుందని మాకు మొదట తెలియదు. ఇచ్చిన ఆయన లెక్కలో చేరుతుందనుకున్నాం. ఆడిటర్ గారు చెప్పాకే విషయం అర్థమైంది.

ఇద్దరిలో నా ఆదాయంలోనే ఎందుకు కలిపామంటే, పాప ఆదాయం కలపకముందు నా మొత్తం ఆదాయం 7,24,000. మావారికి ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది, ఆయనది 4,60,000. ఎవరిది ఎక్కువైతే వారి ఖాతాలో కలపాలన్నదే నిబంధన. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో టీచర్‌ని.

వడ్డీ 69,600లో సెక్షన్ 10(32) కింద 1,500 మినహాయించి 68,100 నా ఆదాయంలో చూపాను. ఆ ఏడాది పాత పన్ను విధానం ఎంచుకున్నాను గనుక ఆ మినహాయింపు నాకు వర్తిస్తుంది. 20 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి దీనిపై పన్ను 14,165 అయింది. అందులో బ్యాంకు కోసిన టీడీఎస్ 6,960 పోగా మిగిలిన 7,205 రిటర్న్‌కు ముందే చలానాలో కట్టాను. ఫండ్ యూనిట్లు 2019లో 1,50,000 పెట్టి కొన్నవి, ఈక్విటీ పథకంవి. వాటిపై వచ్చిన 60,000 దీర్ఘకాలిక లాభాన్నీ నా రిటర్న్‌లోనే చూపాను. నాకు అలాంటి లాభం వేరే లేదు, లక్ష దాటలేదు, అందుకని దానిపై పన్ను పడలేదు. ఈ రెండూ నా రిటర్న్‌లో Schedule SPI కింద హారిక పేరు, పాన్‌తో కనిపిస్తాయి.

టీడీఎస్ దగ్గరే చిక్కు వచ్చిందనుకుంటాను. బ్యాంకు దాన్ని పిల్ల పాన్ మీద జమ చేసింది, నేను నా రిటర్న్‌లో వాడుకున్నాను. అందుకే మీ రికార్డులో ఆమె వైపు ఆదాయమూ టీడీఎస్సూ ఉండి రిటర్న్ లేనట్టు కనిపిస్తోంది. రూల్ 37బిఎ(2) ప్రకారం ముందే బ్యాంకుకు డిక్లరేషన్ ఇచ్చి ఉంటే టీడీఎస్ నా పాన్ మీదే పడేది. ఇవ్వకపోవడం మా పొరపాటు. గత నెలలో ఇచ్చాం. హారిక ఏఐఎస్‌లో కూడా ఈ రెండు ఎంట్రీలకు Information relates to other PAN/Year అని ఎంచుకుని నా పాన్ ఇచ్చాను.

ఇంకొక్క మాట, మీరు అడగకపోయినా. కూచిపూడి ప్రదర్శనకు పాపకు ఆ ఏడాది 8,000 పారితోషికం వచ్చింది. అది సొంత ప్రతిభతో సంపాదించుకున్నది, కాబట్టి నా ఆదాయంలో కలపలేదు. ఆమె పేరున నిలిచేది ఆ 8,000 మాత్రమే. పన్ను లేని పరిమితికి ఎంతో తక్కువ కనుక, విడిగా రిటర్న్ వేయలేదు.

పై వివరాలు పరిశీలించి హారిక పాన్ మీద ఉన్న ఈ విచారణను ముగించవలసిందిగా కోరుతున్నాను. మావారి రిటర్న్ కాపీ కూడా కావాలంటే పంపగలను.

జతపరిచినవి: నా ఐటీఆర్-2 రసీదు, Schedule SPI పేజీ, చలానా, ఎఫ్‌డీ వడ్డీ సర్టిఫికెట్, ఫండ్ లాభాల స్టేట్‌మెంట్, మా నాన్నగారి చెక్కు వివరమున్న బ్యాంకు స్టేట్‌మెంట్, హారిక జనన ధ్రువీకరణ పత్రం, బ్యాంకుకిచ్చిన డిక్లరేషన్ నకలు.

ఇట్లు,
ఎం. సుజాత
మైనర్ హారిక తల్లి, సంరక్షకురాలు