తాతయ్య చీకట్లో కథ చెప్పరు

ఈరోజు ఆగస్టు 21, వృద్ధుల దినోత్సవం. మా తాతయ్యకి 84 ఏళ్ళు, నానమ్మకి 79. వాళ్ళ మనవలం, మనవరాళ్ళం ఆరుగురం కలిసి ఈ పోస్టు రాస్తున్నాం. మాలో నలుగురికి ఆవిడ నానమ్మ, ఇద్దరికి అమ్మమ్మ. ఎలా రాయాలా అని కాసేపు వాదించుకుని, మెజారిటీ ప్రకారం నానమ్మ అనే రాస్తున్నాం. అమ్మమ్మ అని పిలిచే ఆ ఇద్దరూ మనసులో మార్చుకుని చదువుకుంటారు.

1988లో అమెరికా అధ్యక్షుడు రీగన్ ఆ దేశంలో ఈ రోజును పెద్దవాళ్ళ కోసం ప్రకటించారు. ఐక్యరాజ్యసమితి వాళ్ళది వేరే రోజు, అక్టోబరు 1. దాన్ని 1990 డిసెంబరులో నిర్ణయించి, 1991 నుంచి జరుపుతున్నారు. మేం రెండు రోజులూ జరుపుకుంటాం. ఈ పోస్టు మాత్రం అక్టోబరు దాకా ఆగలేకపోయింది.

ముందు నానమ్మ సంగతి. నానమ్మ కథ చెప్పాలంటే లైటు ఆపాలి. చీకట్లో ఆ గొంతు ఒక్కటే వినిపించాలి. మేం వరసగా పడుకుని ఊ కొట్టాలి. ఊ కొట్టడం ఆగితే కథా ఆగిపోతుంది. ఎవరి ఊ ఎక్కడ ఆగిందో నానమ్మకి తెలుసు. ఆరుగురిలో ఎవరు ముందు నిద్రపోతే, మర్నాడు వాళ్ళు వదిలేసిన చోటు నుంచే మళ్ళీ మొదలుపెట్టేది. అప్పటికే చివరిదాకా విన్నవాళ్ళం గోల చేసేవాళ్ళం. "వాడు వినొద్దూ?" అనేది అంతే. ఆరుగురు పిల్లలు, ఆరు చోట్ల ఆగిన ఒకే కథ. ఎక్కడా రాసుకోకుండా ఎలా గుర్తుపెట్టుకునేదో మాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. క్లాసులో నలభై మందికి పాఠం చెప్పే మా పెద్దక్క ఈ మధ్య ఒక మాట అంది: "ఎవరూ వెనకబడకుండా పాఠం ఎలా చెప్పాలో నేను నానమ్మ దగ్గరే నేర్చుకున్నాను."

తాతయ్య పద్ధతి పూర్తిగా వేరు. ఆయన చీకట్లో కథ చెప్పరు. కరెంటు పోయిందంటే వాక్యం మధ్యలోనైనా ఆపేస్తారు. దీపం తెచ్చి, దాన్ని తన వైపు తిప్పి పెట్టుకుని, వెలుగు ముఖం మీద పడుతోందో లేదో చూసుకుని అప్పుడు మొదలుపెడతారు. మాటా మాటా విడదీసి, నిదానంగా చెబుతారు. గుర్రం వస్తే రెండు చేతులూ పరిగెడతాయి, వాన వస్తే వేళ్ళు కిందికి జారతాయి. మధ్యలో ఎవరైనా తల తిప్పితే, వాళ్ళు మళ్ళీ తన వైపు చూసేదాకా నోరు విప్పరు. చిన్నప్పుడు అది మాకు విసుగ్గా ఉండేది. ఆయన స్వభావమే అంత అనుకున్నాం.

తాతయ్య ఎక్కువసార్లు చెప్పిన కథ సైకిల్ కథ. ఆయనకి పద్నాలుగేళ్ళు, చెల్లెలికి ఆరు. చెల్లెలికి జ్వరం. మెడ బిగుసుకుపోయి, పిలిస్తే పలకడం లేదు. బయట హోరువాన. పక్కింటివాళ్ళ సైకిల్ అడిగి తెచ్చి, చెల్లెల్ని తువ్వాలుతో తన వీపుకి కట్టుకుని డాక్టరు ఇంటికి బయల్దేరారు. దారిలో మూడుసార్లు చైను ఊడింది. చీకట్లో చేత్తో తడుముకుంటూ ఎక్కించుకున్నారు. మేం పెరిగేకొద్దీ దారి కూడా పెరిగింది. మొదట మూడు మైళ్ళు, తర్వాత ఐదు, ఒకసారి ఎనిమిది. నానమ్మ ప్రతిసారీ లోపల్నుంచి "మూడే!" అని అరిచేది. కథ మాత్రం ఎప్పుడూ ఒకే చోట ఆగేది: "తలుపు కొట్టాను. డాక్టరుగారు లేచి తలుపు తీశారు." అంతే, ఇక పడుకోండి అనేవారు.

చెల్లెలు బతికిందని మాకు తెలుసు కాబట్టి ఎవరం అడగలేదు. ఆవిడే మా చిన్నమామ్మ. పోయిన సెలవుల్లో మా అందరికన్నా చిన్నోడు, ఎనిమిదేళ్ళవాడు అడిగాడు: "తలుపు తీశాక ఏమైంది తాతయ్యా?"

తాతయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. వచ్చింది మెదడు పొరల వాపు. ప్రాణం దక్కింది కానీ రెండు చెవులూ వినికిడి కోల్పోయాయి. ఇంటికి తెచ్చిన మొదటి రాత్రి, ఎప్పటిలాగే చెల్లెలు కథ చెప్పమంది. తను చెబుతున్నారు, ఆ పిల్ల "చెప్పు, చెప్పు" అంటూనే ఉంది. అన్నయ్య అలిగి నోరు మెదపడం లేదనుకుని ఏడ్చింది. అప్పుడు తాతయ్య లాంతరు తెచ్చి తన ముఖం దగ్గర పెట్టుకున్నారు. పెదాలు కనిపించేలా ఒక్కో మాటా మళ్ళీ చెప్పారు. ఆ రాత్రి నుంచి ఏళ్ళ తరబడి, సాయంత్రం బడి పాఠం, రాత్రి కథ, అన్నీ అలాగే చెల్లెలికి చెప్పారు. చిన్నమామ్మ పెదాల కదలిక చూసి మాట పట్టుకోవడం అలా నేర్చుకుంది. ఇప్పటికీ ఆవిడకి వీడియో కాల్ చేసేటప్పుడు తాతయ్య కిటికీ దగ్గరికి వెళ్ళి, ఎండ తన ముఖం మీద పడేలా నిలబడి మాట్లాడతారు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాం, సిగ్నల్ కోసం అనుకున్నాం.

మాకు కథ చెప్పిన ఆ తీరు మొదట ఒక ఆరేళ్ళ పిల్ల కోసం పుట్టింది. చెవులు బాగానే ఉన్న మేం ఆరుగురం దాన్ని ఊరికే అనుభవించాం.

ఇంకో మాట ఒప్పుకోవాలి. "తాతయ్యా, ఇది చెప్పేశారు" అని మేం చాలాసార్లు అన్నాం. సైకాలజీ చదువుతున్న మా రెండో అక్క రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు గురించి చెప్పింది. పెద్దవాళ్ళు పాత సంగతులే తలుచుకుంటుంటే అది బుర్ర మందగించడం కిందే లెక్కగట్టే రోజులవి. 1963లో ఆయన అది కాదని రాశారు. మనిషి తన బతుకును మళ్ళీ తిరగేసి చూసుకుని, తేలనివాటిని తేల్చుకునే సహజమైన పని అన్నారు. వయసును బట్టి మనుషుల్ని చిన్నచూపు చూడటానికి ఇంగ్లీషులో ఏజిజం అనే మాట పెట్టింది కూడా ఆయనే. అక్క ఇది చెబుతుంటే మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ తలుపు దగ్గరికి తాతయ్య అన్నిసార్లు ఎందుకు వెళ్ళారో, మేమెవరం లోపలికి రమ్మని అడగనందుకు ఎన్నిసార్లు వెనక్కి తిరిగారో అర్థమైంది.

తాతయ్యా, "చెప్పేశారు" అన్న ప్రతిసారికీ మమ్మల్ని క్షమించండి.

ఆ సెలవుల నుంచి ఫోన్లో రికార్డు చేస్తున్నాం. ఇప్పటికి 41 అయ్యాయి. మైళ్ళు సరిచేయడం లేదు, "మూడే!" అన్న నానమ్మ కేక కూడా తీసేయడం లేదు. చిన్నమామ్మ కోసం తాతయ్యవన్నీ వీడియోలే తీస్తున్నాం, దీపం ఆయన వైపే తిప్పి.

నానమ్మవి తీయడమే కష్టం. చీకట్లో స్క్రీన్ నల్లగా ఉంటుంది, గొంతు ఒక్కటే వస్తుంది. అదే కావాలి మాకు.

ఈ రాత్రి అందరం అక్కడే పడుకుంటున్నాం నానమ్మా. నిన్న నీ కథలో చిన్నోడి ఊ ఆరో తలుపు దగ్గర ఆగింది. మేమంతా ఏడో తలుపు కూడా దాటాం, అయినా గోల చేయం. ఆరో తలుపు దగ్గర్నుంచే చెప్పు.