ప్రయోగ నివేదిక: క్రమాకారం లేని రాయి సాంద్రతను నీటి స్థానభ్రంశ పద్ధతిలో కనుగొనడం

ఉద్దేశ్యం

క్రమాకారం లేని ఒక గ్రానైట్ రాతి ముక్క ఘనపరిమాణాన్ని అది తొలగించే నీటి ద్వారా కొలిచి, దాని సాంద్రతను కనుగొనడం.

పరికరాలు

0.1 గ్రా. వరకు చూపే ఎలక్ట్రానిక్ త్రాసు, 1 మి.లీ. కనీసపు కొలత గల 100 మి.లీ. కొలజాడి, సన్నని నైలాన్ దారం, నీరు, పొడి గుడ్డ, గ్రానైట్ రాతి ముక్క. జాడిలో గోడలకు ఒరుసుకోకుండా దిగేందుకు వీలుగా సన్నగా, పొడవుగా ఉన్న ముక్కను ఎంచుకున్నాము.

సూత్రం

ప్రమాణ ఘనపరిమాణంలో ఉన్న ద్రవ్యరాశిని సాంద్రత అంటారు. ఘనానికో గోళానికో అయితే పొడవు, వ్యాసం కొలిచి ఘనపరిమాణాన్ని లెక్కకట్టవచ్చు గానీ, మూలలూ గుంటలూ ఉన్న రాయికి అటువంటి సూత్రమేదీ వర్తించదు. అయితే నీటిలో మునిగి, నీటిలో కరగని వస్తువు ఏదైనా సరిగ్గా తన ఘనపరిమాణానికి సమానమైన నీటిని పక్కకు నెడుతుంది. కాబట్టి జాడిలో నీటిమట్టం ఎంత పెరిగిందో అదే రాయి ఘనపరిమాణం. 1 మి.లీ. అంటే 1 ఘ.సెం.మీ.

ప్రయోగ విధానం

ముందుగా రాయిపై దుమ్ము లేకుండా తుడిచి, దారం కట్టకముందే త్రాసుపై ఉంచి ద్రవ్యరాశిని నమోదు చేశాము. ఈ వరుస ముఖ్యమైనది; నీటిలో ముంచిన తరువాత తూచితే రాయికి అంటుకున్న తడి కూడా ద్రవ్యరాశిలో చేరి, సాంద్రత ఉన్నదానికన్నా ఎక్కువగా వస్తుంది.

తరువాత కొలజాడిని సమతలమైన బల్లపై ఉంచి, రాయి పూర్తిగా మునగడానికి సరిపడా నీరు పోశాము. గాజు గోడల వద్ద నీరు కొంచెం పైకి పాకడం వల్ల నీటి పైతలం మధ్యలో పల్లంగా ఉంటుంది. కంటిని ఆ పల్లపు అడుగు భాగానికి సమానమైన ఎత్తులో ఉంచి కొలతను చదివాము. కంటిని పైనుంచి వంచి చూస్తే అసలు మట్టం కన్నా ఎక్కువ విలువ, కిందినుంచి చూస్తే తక్కువ విలువ కనిపిస్తుంది.

రాయికి దారం కట్టి, నీరు చిందకుండా మెల్లగా దించాము. మునిగిన రాయి గరుకు తలానికి గాలి బుడగలు అంటుకున్నాయి. బుడగలు కూడా నీటిని తొలగిస్తాయి కనుక, దారాన్ని అటూ ఇటూ కదిలించి వాటిని వదిలించిన తరువాతే రెండవ కొలత తీసుకున్నాము. మునిగిన దారం పొడవు సుమారు 10 సెం.మీ., మందం 0.5 మి.మీ.; దాని ఘనపరిమాణం దాదాపు 0.02 ఘ.సెం.మీ. మాత్రమే కావడంతో దానిని వదిలివేశాము.

రాయిని బయటకు తీసినప్పుడు కొంత నీరు దానితో వస్తుంది. అందువల్ల ప్రతిసారీ రాయిని తుడిచి, జాడిలో మరికొంత నీరు కలిపి, తొలి మట్టాన్ని కొత్తగా చదివి ప్రయోగాన్ని మూడుసార్లు చేశాము.

పరిశీలనలు

రాయి ద్రవ్యరాశి = 67.2 గ్రా.

| వరుస సంఖ్య | తొలి మట్టం (మి.లీ.) | తుది మట్టం (మి.లీ.) | రాయి ఘనపరిమాణం (ఘ.సెం.మీ.) |
|---|---|---|---|
| 1 | 50.0 | 75.0 | 25.0 |
| 2 | 52.0 | 77.5 | 25.5 |
| 3 | 54.0 | 79.0 | 25.0 |

రెండు గీతల మధ్య ఆగిన మట్టాన్ని కంటి అంచనాతో సగం గీతగా తీసుకున్నాము.

లెక్కింపు

సగటు ఘనపరిమాణం = (25.0 + 25.5 + 25.0) ÷ 3 = 25.2 ఘ.సెం.మీ.

సాంద్రత = ద్రవ్యరాశి ÷ ఘనపరిమాణం = 67.2 ÷ 25.2 = 2.67 గ్రా./ఘ.సెం.మీ.

ఫలితం

కొలతల కచ్చితత్వాన్ని బట్టి సవరించగా, ఇచ్చిన గ్రానైట్ రాయి సాంద్రత 2.7 గ్రా./ఘ.సెం.మీ., అంటే 2.7 × 10³ కి.గ్రా./ఘ.మీ. గ్రానైట్ సాంద్రత సాధారణంగా 2.6 నుంచి 2.8 గ్రా./ఘ.సెం.మీ. మధ్య ఉంటుంది కనుక ఈ విలువ సమంజసమైనది.

దోషాల చర్చ

లెక్కలో 2.67 వచ్చినప్పటికీ ఫలితాన్ని 2.7 అనే రాయడానికి కారణం కొలజాడి. త్రాసులో 0.1 గ్రా. తేడా 67.2 గ్రాములలో 0.2 శాతం కూడా కాదు. జాడిలో మాత్రం ఒక్కొక్క కొలతలో సగం గీత వరకు తేడా ఉండవచ్చు; ఘనపరిమాణం రెండు కొలతల భేదం కాబట్టి మొత్తం తేడా 1 ఘ.సెం.మీ. వరకు, అంటే సుమారు 4 శాతం వరకు చేరవచ్చు. ఘనపరిమాణం అంత ఎక్కువగా చదివి ఉంటే సాంద్రత 2.56గానూ, అంత తక్కువగా చదివి ఉంటే 2.78గానూ వచ్చి ఉండేది. దశాంశ బిందువు తరువాత రెండవ అంకెను నమ్మడానికి ఈ జాడి అవకాశం ఇవ్వదు.

మరింత కచ్చితమైన త్రాసును వాడినా ఈ ఫలితం మెరుగుపడదు. ఇదే జాడిలో ఒకే రకం గ్రానైట్ ముక్కలు రెండింటిని కలిపి తూచి, కలిపి ముంచితే, అదే 1 ఘ.సెం.మీ. తేడా రెట్టింపు ఘనపరిమాణంపై పడి, దోషం దాదాపు 2 శాతానికి తగ్గుతుంది.