ఉద్యోగం కోసం అబుదాబి వెళ్లడానికి అనుమతి కోరుతూ పిటిషన్

గౌరవనీయులైన అదనపు జిల్లా, సెషన్స్ జడ్జి గారి కోర్టు, విశాఖపట్నం
ఎస్.సి. నం. 187/2024

పిటిషనర్: మూడవ నిందితుడు (ఏ3), వయసు 36, సివిల్ ఇంజినీర్, నివాసం మధురవాడ
ప్రతివాది: రాష్ట్ర ప్రభుత్వం, పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారి ద్వారా

అయ్యా,

వకీలు గారు ఈ పిటిషన్ తానే రాస్తానన్నారు. నా మాటల్లో నేను చెప్పుకుంటానంటే ఒప్పుకుని, సెక్షన్లు మాత్రం ఆయన సరిచూశారు.

2023 నవంబర్ 14న మేం కడుతున్న అపార్ట్‌మెంట్‌లో నాలుగో స్లాబ్ పోస్తుండగా సెంట్రింగ్ కూలి ఇద్దరు కూలీలు చనిపోయారు. ఆ రోజు సైట్ ఇంజినీర్‌ని నేనే. ఐపీసీ 304 పార్ట్ 2 కింద కేసు పెట్టారు, 18న అరెస్టు చేశారు, 33 రోజులు జైల్లో ఉన్నాక డిసెంబర్ 21న ఈ కోర్టు వారే బెయిల్ ఇచ్చారు. తప్పు ఎవరిదో విచారణలో తేలుతుంది, ఇక్కడ దాని గురించి వాదించను. బెయిల్ షరతుల ప్రకారం పాస్‌పోర్టు కోర్టులో జమ చేశాను, అనుమతి లేకుండా దేశం దాటకూడదన్నారు కాబట్టి ఇప్పుడు ఆ అనుమతే అడుగుతున్నాను.

అరెస్టయ్యాక కంపెనీ తీసేసింది. ఇక్కడ ఏ బిల్డర్ దగ్గరికి వెళ్లినా, ఆ సైట్ పేరు చెప్పగానే మాట మారిపోతుంది. ఏడాదిన్నరగా ఇంజినీరింగ్ పిల్లలకి ఆటోకాడ్ చెప్పుకుంటూ నెలకి 14,000 రూపాయలు తెచ్చుకుంటున్నాను, ఇంటి లోన్ ఈఎంఐ మాత్రమే 21,600. మిగతాది మా ఆవిడ టీచర్ జీతంలోంచి, ఆమె గాజులు తాకట్టు పెట్టిన డబ్బులోంచి లాక్కొస్తున్నాం. ఇప్పుడు అబుదాబిలో ఒక పైప్‌లైన్ పనిలో క్వాలిటీ కంట్రోల్ ఇంజినీర్‌గా ఆరు నెలల కాంట్రాక్టు వచ్చింది, నెలకి 9,500 దిర్హమ్‌లు. కేసు సంగతి దాచకుండా వాళ్లకి ముందే చెప్పాను, కోర్టు అనుమతి వస్తేనే రమ్మన్నారు. ఆ మెయిల్, కాంట్రాక్టు కాపీ దీనికి జత చేశాను.

వాళ్లు మొదట ఆగస్టు 1న చేరమన్నారు. కానీ ఆగస్టు 18న నా మీద చార్జీలు చదివి వినిపించాల్సి ఉంది, ఆ రోజు నేను కోర్టులో ఉండి తీరాలి కదా, అందుకని బతిమాలి జాయినింగ్ 25కి మార్పించుకున్నాను. బెయిల్ వచ్చాక ఇప్పటికి 11 వాయిదాలు, ఒక్కటీ ఎగ్గొట్టలేదు. ఆ తర్వాత సాక్షుల విచారణ మొదలైతే నేను లేనన్న కారణంతో వాయిదా అడగను. 317 సీఆర్‌పీసీ కింద నా తరఫున వకీలు గారు హాజరవుతారు, సాక్షులు చూపించే ఏ3ని నేను కాదని వాదించను, నేను లేకుండా సాక్ష్యం తీసుకున్నారని తర్వాత అభ్యంతరం పెట్టను. వీడియోలో రమ్మంటే వస్తాను, ఇక్కడ పదిన్నర అంటే అక్కడ తొమ్మిదే, సైట్‌కి ఆ పూట సెలవు పెట్టుకుంటాను. స్వయంగా రమ్మని ఆదేశిస్తే ఏడు రోజుల్లో వచ్చి నిలబడతాను.

పారిపోతానని ప్రాసిక్యూషన్ వారు అనొచ్చు. మా అమ్మ, భార్య, రెండో తరగతి చదివే పాప ఇక్కడే ఉంటారు, ఇల్లు ఇక్కడే ఉంది. యూఏఈతో మన దేశానికి నేరస్థుల అప్పగింత ఒప్పందం కూడా ఉంది. సాక్షుల్ని బెదిరించడం, కాగితాలు మార్చడం అన్నా, క్యూబ్ టెస్ట్ రిపోర్టులు, పోర్ రిజిస్టర్, నా ఫోన్ అన్నీ పోలీసుల దగ్గరే ఉన్నాయి, చార్జిషీటు కూడా ఎప్పుడో వేశారు. విదేశాలకి వెళ్లే హక్కు ఆర్టికల్ 21లో భాగమని 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బెయిల్ మీదున్న వ్యక్తి అమెరికా వెళ్లేందుకు 2020లో పర్వేజ్ నూరుద్దీన్ లోఖండ్‌వాలా కేసులో అనుమతిచ్చింది. ఆయనది గ్రీన్‌కార్డు అవసరం, నాది ఇల్లు గడవడం.

కాబట్టి కోర్టు వారు దయచేసి:

2025 ఆగస్టు 24 నుంచి 2026 ఫిబ్రవరి 23 వరకు యూఏఈలో ఉండేందుకు అనుమతించి, వీసా పనికి టైమ్ పడుతుంది కనుక పాస్‌పోర్టు ముందుగా నాకు ఇప్పించాలని, నా మీద లుకౌట్ సర్క్యులర్ ఏదైనా ఉంటే ఈ అనుమతి సంగతి ఇమ్మిగ్రేషన్ వారికి తెలియజేయమని పోలీసులని ఆదేశించాలని కోరుతున్నాను. ఉన్న ఇద్దరు జామీనుదార్లకి తోడు 3 లక్షల ఎఫ్‌డీ కోర్టు పేరిట పెడతాను, మొత్తం ఎక్కువన్నా తక్కువన్నా కోర్టు వారి ఇష్టం. అక్కడి అడ్రస్, ఫోన్ నంబర్ దిగిన వారంలో మెమో ద్వారా ఇస్తాను. వేరే దేశం వెళ్లను, గడువు పొడిగించమని అక్కడి నుంచి అడగను. తిరిగొచ్చిన మూడు రోజుల్లో పాస్‌పోర్టు మళ్లీ జమ చేస్తాను.

పైన రాసినవన్నీ నాకు తెలిసినంతలో నిజమని ధ్రువీకరిస్తున్నాను.

విశాఖపట్నం
7 జులై 2025

సంతకం
పిటిషనర్ / ఏ3